తల్లి బరువు తీసేస్తే

బరువు చూసే ముందు సరిచూసుకోవాల్సినవి ఎనిమిది అని నేను ఒక అట్టముక్క మీద రాసి, తూకం మిషన్ పక్కన గోడకు అంటించాను. మిషన్ చదునైన బండ మీద ఉండాలి. సున్నా చూపించాలి. పిల్ల కాళ్ళు వంకరపోకుండా కట్టిన ప్లాస్టిక్ పట్టీలు విప్పాలి, చిన్న జత కూడా నాలుగు వందల గ్రాములు తూగుతుంది. డైపర్ పొడిగా ఉండాలి. తిన్న వెంటనే చూడకూడదు. ఒంటి మీద పల్చటి గౌను ఒక్కటే ఉండాలి. ప్రతిసారీ అదే వేళకు, అదే మనిషి చూడాలి. రెండుసార్లు చూసి, రెండూ కలిస్తేనే రాయాలి. ఎనిమిదీ సరైనవే. ఇప్పటికీ ఒక్కటి కూడా కొట్టేయను. కానీ ఆ అట్ట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫిజియోథెరపీ చదివి బయటికొచ్చిన రెండో ఏడు అది. ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. ఆఫీసు సూర్యాపేటలో. మంగళవారం కోదాడ సెంటర్, గురువారం మిర్యాలగూడ సెంటర్. మిగతా రోజులు సూర్యాపేటలోనే, సగం పిల్లలతో, సగం కంప్యూటర్‌తో. కొలతలన్నీ ఒక యాప్‌లోకి ఎక్కించాలి. యాప్ ఎర్రరంగు చూపించిన పిల్లలకే హైదరాబాద్ పెద్దాసుపత్రికి మా బండిలో సీటు, అక్కడ మా మనిషి తోడు. ఆకుపచ్చ చూపిస్తే ఇంటికి.

ఆ పాపను మొదటిసారి జూన్‌లో చూశాను. వేములపల్లి దగ్గరి తండా నుంచి మిర్యాలగూడ సెంటర్‌కు తల్లి ఎత్తుకొచ్చింది. నాలుగున్నరేళ్ళ పిల్ల. పుట్టగానే ఏడవలేదు, మెదడుకు గాలి అందలేదు, సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళూ చేతులూ నాలుగూ బిగుసుకుపోయి ఉంటాయి. కూర్చోలేదు, మాట రాదు. కళ్ళు మాత్రం గదిలో కదిలే ప్రతిదాని వెంటా తిరిగేవి. తల్లి ఆమెతో లంబాడీలో మాట్లాడేది, నాతో తెలుగులో.

"ఏం తింటది అక్కా?"

"అన్నీ తింటది సారు. పప్పన్నం మెత్తగ పిసికి పెడ్త. పాలు తాగుతది."

"ఒకసారి తినడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎక్కువేం గాదు. జరసేపే."

జరసేపు అనే కొలత నా దగ్గర లేదు. "అంటే ఎన్ని నిమిషాలు?" అని మళ్ళీ అడిగాను. ఆమె నవ్వింది. "నేను గడియారం ముందర పెట్టుకొని తినిపిస్తనా సారు? రెండు సీరియళ్ళు అయిపోతయి."

రెండు సీరియళ్ళంటే గంట. రోజుకు నాలుగుసార్లు. మామూలుగా ఒక పూట తిండి అరగంట దాటితేనే అనుమానించాలని మాకు చెప్పారు. తింటున్నప్పుడు దగ్గు వస్తుందా అని అడిగితే, పాలు తాగుతుంటే వస్తుందని, తిన్నాక గొంతులో నీళ్ళున్నట్టు గురగుర అంటుందని చెప్పింది. ఆ ఏడాదిలో రెండుసార్లు ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందట, ఊళ్ళోని ఆరెంపీ సూదులేసి తగ్గించాడట. విరేచనం నాలుగు రోజులకోసారి. ఇవన్నీ నా నోట్‌బుక్కులో వరసగా రాసుకున్నాను. మింగుతున్నప్పుడు తిండి ఊపిరి గొట్టంలోకి జారుతోందేమో, శరీరానికి చాలినంత అందడం లేదేమో తేల్చాలి. తేల్చాలంటే హైదరాబాద్‌లో ఎక్స్‌రే కింద మింగించి చూసే పరీక్ష చేయించాలి. దానికి యాప్ ఎర్రబడాలి.

ఎత్తు కొలిచాను. మోకాళ్ళు సాగవు, నడుము ఒక పక్కకు వంగి ఉంది. కొలత బల్ల మీద పడుకోబెట్టి ఎంత మెల్లగా సర్దినా ఎనభై నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. అది పాప ఎత్తు కాదు, పాప ముడుచుకున్న పొడుగు. ఇలాంటి పిల్లలకు వేరే పద్ధతి ఉంది. మోకాలినీ మడమనూ లంబకోణంలో వంచి, మడమ కింది నుంచి మోకాలి పైదాకా కొలవాలి. ఆ ముక్క వంకర పోదు. దానికోసం కోదాడలో ఒక వడ్రంగితో జరిగే చెక్క స్కేలు చేయించుకున్నాను. ఇరవై ఏడు సెంటీమీటర్లు. దాన్ని రెండు పాయింట్ అరవై తొమ్మిదితో హెచ్చవేసి, ఇరవై నాలుగు పాయింట్ రెండు కలిపితే దాదాపు తొంభై ఏడు. అది కూడా అంచనాయే, కానీ ఎనభై నాలుగు కన్నా నిజానికి దగ్గర.

తల్లి పాపను ఎత్తుకుని మిషన్ ఎక్కింది. యాభై ఏడు పాయింట్ ఒకటి. పాపను నా చేతికివ్వబోతే అది విల్లులా వెనక్కి బిగుసుకుని, ఊపిరాడనట్టు ఏడ్చింది. ఎలాగో నేను పట్టుకుంటే తల్లి ఒక్కతే ఎక్కింది. నలభై ఏడు పాయింట్ రెండు. అంటే పాప తొమ్మిది పాయింట్ తొమ్మిది కిలోలు.

సాయంత్రం సూర్యాపేట వచ్చి యాప్‌లో ఎత్తు తొంభై ఏడు కొట్టబోయాను. పక్క కుర్చీలోని ఆపరేటర్ అన్న ఆపాడు.

"గిదేంది? బల్ల మీద ఎంతొచ్చింది?"

"ఎనభై నాలుగు. కానీ అది తప్పు."

"కొలిచింది తప్పు, లెక్కేసింది రైటా? ఆడిట్‌కొచ్చినోళ్ళు బల్ల మీద పండవెట్టి సూస్తరు తమ్మీ. కొలిచిందే ఎక్కియ్యాలె."

ఎనభై నాలుగు ఎక్కించాను. తొంభై ఏడు సెంటీమీటర్ల పిల్ల తొమ్మిది పాయింట్ తొమ్మిది కిలోలుంటే ఎముకల గూడు. ఎనభై నాలుగు సెంటీమీటర్ల పిల్ల అంతే బరువుంటే ఫరవాలేదు, కాస్త పొట్టి, అంతే. స్క్రీన్ ఆకుపచ్చగా వెలిగింది. ముడుచుకుపోయిన కాళ్ళు పాప ఆకలిని దాచిపెట్టేశాయి. రిమార్కుల గడిలో రాద్దామంటే నూట ఇరవై అక్షరాలకు మించి పట్టవు. మూడుసార్లు కుదించి రాశాను. మూడోసారి నాకే అర్థం కాలేదు.

ఎర్రరంగు లేకుండా పంపాలంటే డాక్టర్ సంతకం కావాలి. కోదాడ సెంటర్‌కు మంగళవారాలు ఒక పిల్లల డాక్టరమ్మ వచ్చేవారు. పెద్దావిడ, ఓపిక ఉన్న మనిషి. నా నోట్‌బుక్ మొత్తం చదివారు.

"మోకాలి లెక్క బాగానే ఉందయ్యా. కానీ ఒక్కరోజు కొలతతో అంత దూరం ఎలా పంపిస్తాం? ఉన్న సీట్లు నాలుగు. పాపని నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకొంచి తినిపించమను. పాలు పల్చగా కాకుండా కాస్త చిక్కగా చేసి స్పూనుతో పట్టమను. అన్నంలో నెయ్యో నూనో వెయ్యమను. నాలుగు నెలలు చూద్దాం. బరువు పెరక్కపోతే నేనే సంతకం పెడతాను. సరేనా?"

సరేనన్నాను. అప్పట్నుంచి ఆ పాప విషయమంతా ఒక్క ప్రశ్న మీద నిలిచింది. బరువు పెరుగుతోందా, లేదా?

జబ్బ చుట్టుకొలత కూడా తీసేవాణ్ణి. జబ్బ వెనక చర్మాన్ని వేళ్ళతో పట్టి, కత్తెరలాంటి చిన్న కొలత పరికరంతో దాని మందం చూసేవాణ్ణి. కింద ఎంత కొవ్వు మిగిలిందో అది చెబుతుంది. మూడుసార్లు చూసి సగటు రాసేవాణ్ణి. జూన్‌లో జబ్బ పదమూడు సెంటీమీటర్లు, చర్మం మందం ఆరు మిల్లీమీటర్ల పైన కొంచెం.

జులైలో పాపను తల్లి చంకలోంచి తీయబోతే మళ్ళీ అదే ఏడుపు. బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆమె మిషన్ మీద నుంచి దిగకుండానే అంది, "నన్ను మళ్ళ జోకుడెందుకు సారు? నేను మొన్న ఎంతున్ననో రాసుకున్నవ్ గదా. నేనేం పెరుగుత, తరుగుత? నాటేసుడు, కలుపుదీసుడు."

న్యాయంగానే అనిపించింది. పెద్దవాళ్ళ బరువు నెలలో ఏం మారుతుంది? పాప ఏడవదు, పది నిమిషాలు మిగులుతాయి. నోట్‌బుక్కులో పాప పేజీ పైన '47.2' అని రాసి చుట్టూ గీత గీశాను, చటుక్కున కనిపించేలా.

ఆగస్టులో ఇద్దరూ కలిసి యాభై ఎనిమిది. అందులో నలభై ఏడు పాయింట్ రెండు తీసేస్తే పాప పది పాయింట్ ఎనిమిది. సెప్టెంబర్‌లో పదకొండు పాయింట్ ఏడు. నేను ఆ గురువారం మిర్యాలగూడ బస్టాండ్‌లో చాయ్ తాగుతూ గీత గీసుకుని చూసుకున్నాను. పైకి పోయే గీత. మూడు నెలల్లో పద్దెనిమిది వందల గ్రాములు. నెయ్యి పనిచేసింది, కూర్చోబెట్టే పద్ధతి పనిచేసింది, నేను పనిచేశాను.

ఒక్కటే కుదరలేదు. జబ్బ పదమూడు నుంచి పన్నెండు పాయింట్ ఆరుకు వచ్చింది. చర్మం మందం ఐదయింది. బరువు పెరుగుతూ కొవ్వు ఎట్లా తగ్గుతుంది? ముందు టేపును అనుమానించాను. ఎండకు సాగిందేమోనని స్టీలు స్కేలుతో పోల్చాను, సాగలేదు. తర్వాత నా వేళ్ళను అనుమానించాను. సూర్యాపేటలో ఆపరేటర్ అన్న జబ్బను ఐదుసార్లు పట్టి కొలిచాను. ఐదూ కలిశాయి.

"నాకేమన్న తిండి తక్కువైందా తమ్మీ?" అన్నాడు అన్న. "పొద్దున్నే గిచ్చవడితివి."

"నీకు కాదన్నా. ఒక పిల్ల లెక్క కలుస్తలేదు. బరువేమో పెరుగుతోంది, జబ్బేమో తగ్గుతోంది."

"రెండిట్ల జబ్బ కొలత యాప్ల లేనే లేదు గదా. ఉన్నదాన్ని నమ్మి ఊకో."

చెడ్డ సలహా అని తెలిసీ సగం నమ్మాను. అంగన్‌వాడీ రంగుల టేపు మీద చూసినా పన్నెండున్నర దాటితే ఆకుపచ్చే. అన్నిచోట్లా ఆకుపచ్చే. పాప మాత్రం అప్పటికి ఇంకోసారి నెమ్ము తెచ్చుకుని, పది రోజులు మందులు వాడి వచ్చింది. తల్లిని తిండి గురించి అడిగితే, "మంచిగనే తింటది సారు. నువ్వు జెప్పినట్టే కూసవెట్టి పెడ్తున్నం," అంది. తినడానికి మాత్రం ఇంకా రెండు సీరియళ్ళ సేపే.

డాక్టరమ్మకు గీత చూపించాను, జబ్బ కొలత కూడా చూపించాను.

"పదకొండు పాయింట్ ఏడా? భలే! ఇంకేంటయ్యా నీ బాధ?"

"జబ్బ తగ్గుతోంది మేడం."

"నీ టేపు అర సెంటీమీటరు అటూ ఇటూ అవ్వదా? కిలోన్నర పైన పెరిగింది కదా, అదెక్కడికి పోతుంది? ఇంకో పిల్లవాడున్నాడు, వాడికి నిజంగా తగ్గుతోంది. ఈసారి సీటు వాడికిద్దాం."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అంకె నాది. సీట్ల జాబితాలో పాప పేరు నేనే నా చేత్తో కొట్టేశాను.

అక్టోబర్‌లో తల్లి వెంట పాప నానమ్మ వచ్చింది. చేతులకు మోచేయి దాకా తెల్లగాజులు, గట్టి గొంతు. పాప దగ్గుతో అలిసిపోయి మెడ వాల్చి ఉంది. నేను అట్ట మీది ఎనిమిదీ చూసుకుని, పట్టీలు విప్పి, "ఎక్కు అక్కా," అన్నాను. తల్లి పాపను పైకి ఎగదోసుకుంటుంటే నానమ్మ అడ్డమొచ్చింది.

"ఏయ్ సారూ! కడుపుతోనున్న పిల్లని బరువెత్తుకొని మిషినెక్కమంటవా? ఐదో నెల వడ్డది. తియ్, నాకియ్ పోరిని."

నేను నోట్‌బుక్ వైపు చూశాను. చుట్టూ గీత గీసిన నలభై ఏడు పాయింట్ రెండు.

"అక్కా, నాకెందుకు చెప్పలేదు?"

"ఏం జెప్పాలె సారు?"

"కడుపుతో ఉన్నట్టు."

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వడిగినవా? నువ్వు పాప సంగతే అడుగుతవ్. దొడ్డికెన్నిసార్లు పోతదని అడిగినవ్, గొంతు గురగుర అంటదా అని అడిగినవ్. నా సంగతి ఆశా వర్కర్‌కు ఎరుకే, అందరికీ ఎరుకే."

"నీకెట్ల జెప్తదయ్యా, మొగోడివి," అంది నానమ్మ. "అయినా నీకెందుకు?"

ముందు తల్లిని ఒక్కదాన్నే ఎక్కించాను. నలభై తొమ్మిది పాయింట్ ఆరు. తర్వాత నానమ్మను ఒక్కదాన్నే, ఆ తర్వాత పాపతో. ఆమె చేతుల్లో పాప ఏడవలేదు. రోజూ ఎత్తుకునే చేతులే. జులై నుంచి ఆమెను తీసుకురమ్మని నేను ఒక్కసారి కూడా అడగలేదు. తేడా తొమ్మిది పాయింట్ మూడు. రెండోసారి చూశాను. తొమ్మిది పాయింట్ మూడు.

పాప పదకొండు పాయింట్ ఏడుకు ఎప్పుడూ చేరలేదు. జూన్ కన్నా ఆరు వందల గ్రాములు తగ్గింది. పెరిగింది తల్లి. కడుపుతో ఆమెకు పెరిగిన బరువును నెలనెలా పాప లెక్కలో వేసి, నెయ్యి పనిచేసిందని సంతోషపడింది నేను. ఏ తప్పూ లేని టేపును స్కేలు పక్కన పెట్టి విచారించాను. నిజం చెబుతున్నది అదొక్కటే.

ఆ పూట తిండి నా ముందే పెట్టమన్నాను. నానమ్మ పాపను ఒళ్ళో వెల్లకిలా వేసుకుని, తల వెనక్కి వాల్చి, వేలితో అన్నం గొంతులోకి తోసింది.

"కూర్చోబెట్టి పెట్టమన్నాను కదమ్మా?"

"దానికి సాతనైతలేదు సారు, వేవిళ్ళకు అన్నం వాసనే వడలే," అంది తల్లిని చూపించి. "రెండు నెల్ల సంది నేనే పెడ్తున్న. మా పిల్లలందర్కి గిట్లనే పెట్టిన, ఒక్కడు సావలే."

తల్లి కిందికి చూస్తూ ఉంది. మంచిగనే తింటుందని నాతో అన్నది ఆమే. అత్త చేతి తిండిని అత్త లేనప్పుడు కూడా తప్పు పట్టదు. ఎవరు తినిపిస్తున్నారని నేనూ అడగలేదు. గడియారం చూశాను. నలభై ఎనిమిది నిమిషాలు. గిన్నెలో సగం మిగిలింది. పదిహేడుసార్లు దగ్గు. చివరికి పాప కళ్ళు ఎర్రబడి, గొంతులో నీళ్ళు మరిగినట్టు చప్పుడు. తల కాస్త ముందుకు వంచి కూర్చోబెట్టడం నానమ్మకు చూపించాను. ఆమె చేసింది. పాలు పడితే అట్లా కూడా దగ్గు వచ్చింది.

"హైదరాబాద్‌లో ఒక పరీక్ష చేయించాలి," అన్నాను. "మింగింది ఎటు పోతుందో చూస్తారు. ఊపిరి గొట్టంలోకి పోతోందంటే, పొట్టకు చిన్న పైపు పెట్టి తిండి ఇవ్వమనొచ్చు."

"నోరుండంగ కడుపుకెట్ల పెడ్తరు?" అంది నానమ్మ. "బొక్క వెడ్తరా పోరికి?"

తల్లి తలెత్తింది. "జూన్ల పోదామన్నవ్ గదా సారు. మళ్ళ బరువు వెరిగింది, వద్దన్నవ్. ఇప్పుడు మళ్ళ పోదామంటవ్. నీకు ఏది ఎరుక?"

"తప్పు నాదే అక్కా. నిన్ను తూచలేదు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "సరే, ఎప్పుడు పోవాలె?" అంది, అంతే.

ఆ సాయంత్రం సూర్యాపేటలో యాప్ తెరిచి జులై నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న అంకెలు దిద్దబోయాను. పాత నెలలకు తాళం పడిపోయి ఉంది. అక్టోబర్ గడి ఒక్కటే తెరుచుకుంది. తొమ్మిది పాయింట్ మూడు కొట్టాను. ఒక్క నెలలో రెండు కిలోల నాలుగు వందలు పడిపోయినట్టు గీత నిట్టనిలువుగా కిందికి దూకింది, స్క్రీన్ మొత్తం ఎర్రబడింది. నిజానికి ఏ పిల్లకూ అట్లా పడదు. పై ఆఫీసు నుంచి అరగంటలో ఫోన్. పిల్లకేమైంది, వెంటనే పంపించండి, సీటు బుక్ చేస్తున్నాం.

ఆపరేటర్ అన్న నా భుజం తట్టాడు. "సూస్తివా, ఎర్రగయింది. నీ పని అయింది గదా, ఖుషీ గాలేవేంది?"

మోకాలి కొలత పట్టుకొని జూన్‌లో నేను అడిగితే రాని ఎర్రరంగు, నా తప్పు మీద తప్పు కలిస్తే వచ్చింది. ఫోన్‌లో అవతలి మనిషికి, గీత తప్పు, అసలు పతనం ఆరు వందల గ్రాములే అని చెప్పాను. "అయితే రెడ్ తీసేయాలా?" అంది ఆ గొంతు. వద్దని, డాక్టర్ సంతకంతోనే పంపిస్తానని బతిమాలాను. మంగళవారం దాకా సీటు ఆపుతామంది.

మంగళవారం కోదాడలో డాక్టరమ్మ ముందు నోట్‌బుక్ పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ఆ పేజీలో జబ్బ కొలతల మీద వేలు పెట్టారు.

"ఆ రోజు నువ్వు జబ్బ తగ్గిందన్నావు. నేనే వినలేదు," అన్నారు. "బరువు అంకె ముందుంటే మిగతావి కనపడవయ్యా."

"అంకె నాదే మేడం."

"అవును, నీదే," అని సంతకం పెట్టారు. "ఇంకెంతమంది తల్లుల బరువులకి గీతలు గీశావో ముందు అది చూసుకో."

ఏడుగురు. ఆ వారం ఏడుగురినీ మళ్ళీ తూచాను. ఇద్దరు పిల్లల లెక్కలు కిలోకు దగ్గరగా తప్పాయి.

పాపను నవంబర్ మొదట్లో తీసుకెళ్ళాం. తల్లి కడుపుతో అంత దూరం వద్దని నానమ్మే వచ్చింది. పరీక్షలో, పాలు తాగినప్పుడల్లా కొంచెం కొంచెం ఊపిరి గొట్టంలోకి పోతున్నట్టు తెర మీద నల్లటి గీతలా కనిపించింది. కొన్నిసార్లు దగ్గు కూడా రాలేదు. అప్పుడు బయటి మనిషికి తెలిసే దారి లేదు. నానమ్మ ఆ తెర వైపు చూస్తూ, "నేను వెట్టిన పాలేనా అవి?" అని మెల్లగా అడిగింది. ముందు ముక్కు ద్వారా గొట్టం వేసి బరువు పెంచుతామని, తర్వాత పొట్టకు పైపు సంగతి మాట్లాడుకుందామని అక్కడి డాక్టర్లు చెప్పారు. నానమ్మ ఒప్పుకుంది. జూన్‌లో రావాల్సిన చోటికి నవంబర్‌లో వచ్చాం.

డిసెంబర్‌లో తల్లి సెంటర్‌కు వచ్చింది. ఏడో నెల. పాప నానమ్మ చంకలో ఉంది, ముక్కులో సన్నటి గొట్టం, చెంపకు టేపు. నేను నానమ్మను ఒక్కదాన్నే మిషన్ ఎక్కమన్నాను.

"నెలనెలా నన్ను జోకుడేనా? నేనేమన్న బియ్యం బస్తానా?" అంటూనే ఎక్కింది.

తర్వాత పాపతో. తొమ్మిది పాయింట్ ఆరు. చర్మం మందం మూడుసార్లు చూశాను. ఐదు పాయింట్ రెండు. ఈసారి బరువూ కొవ్వూ రెండూ పైకే, కొంచెమే. ఇంకా జూన్‌లో ఉన్నంత లేదు. యాప్‌లో సెప్టెంబర్ దగ్గర గీత ఎక్కి దిగిన ఆ దొంగ కొండ అట్లాగే ఉంది. తెరిచిన ప్రతిసారీ అదే మొదట కనిపిస్తుంది.